మంచం మీద గంటలకు కోత

నిద్ర పట్టని మనిషికి ఇంట్లో అందరూ చెప్పే సలహా ఒకటే, పెందలాడే పడుకోమని. తొమ్మిదింటికే లైటు ఆర్పేసి, పొద్దున వీలైనంత సేపు అలాగే పడుకుంటే మధ్యలో ఎక్కడో కాస్త నిద్ర దొరక్కపోదన్న ఆశ ఆ సలహాలో ఉంది. నెలల తరబడి నిద్రలేమితో నలిగేవాళ్లకు నిపుణులు ఇవాళ మొదట సూచిస్తున్న చికిత్స మాత్రం దీనికి పూర్తిగా ఎదురు నడుస్తుంది. నిద్ర రావడం లేదంటే మంచం మీద గడిపే సమయాన్ని తగ్గించమంటుంది. రాత్రి తొమ్మిదింటికి పడుకునే మనిషిని పన్నెండింటి దాకా పడుకోవద్దంటుంది.

ఈ చికిత్స పేరు కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ ఫర్ ఇన్సోమ్నియా, పొట్టిగా సీబీటీ-ఐ. పెద్దవాళ్లలో దీర్ఘకాలిక నిద్రలేమికి మందుల కన్నా ముందు దీన్నే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో తన మార్గదర్శకాల్లో రాసింది. మరుసటి ఏడాది యూరప్ నిద్ర నిపుణులూ అదే చెప్పారు. ఇక్కడ దీర్ఘకాలికం అనే మాటకు కొలత ఉంది. పడుకోవడానికి సమయం, చోటు ఉండి కూడా వారానికి కనీసం 3 రాత్రులు, 3 నెలలకు పైగా నిద్ర చెడిపోవాలి, దాని వల్ల పగటి పనులు దెబ్బతినాలి. పరీక్షల ముందు నాలుగు రోజులు నిద్ర పట్టకపోవడం దీని కిందికి రాదు.

ఆ నాలుగు రోజుల నిద్రలేమి ఏళ్ల తరబడి ఎలా సాగుతుందన్న ప్రశ్నకు జవాబు చెప్పినవాడు ఆర్థర్ స్పీల్‌మన్ అనే న్యూయార్క్ మనస్తత్వవేత్త. 1980లలో ఆయన నిద్రలేమి కారణాలను మూడుగా విడదీశాడు. కొందరికి పుట్టుకతోనే నిద్ర తేలిక, అది మొదటిది. ఇంట్లో చావో, జబ్బో, ఉద్యోగంలో గొడవో వచ్చి నిద్రను ఒక్కసారిగా చెడగొడుతుంది, అది రెండోది. మూడోది, పోయిన నిద్రను రాబట్టుకోవడానికి మనిషి చేసే ప్రయత్నాలు. ముందుగా పడుకోవడం, పొద్దెక్కే దాకా లేవకపోవడం, మధ్యాహ్నం కునుకు తియ్యడం, మెలకువగా ఉన్నా మంచం దిగకపోవడం. మొదట నిద్ర చెడగొట్టిన కష్టం తీరిపోయాక కూడా ఈ మూడో జాబితా మిగిలిపోతుంది, నిద్రలేమిని అదే బతికిస్తుంది. మొదటి రెంటినీ డాక్టరు మార్చలేడు. మూడోదాన్ని మార్చవచ్చు.

ఇదంతా ఒక మనిషి విషయంలో ఎలా నడుస్తుందో చూద్దాం. కింది టీచరు కల్పిత పాత్రే. ఆమె పడే ఇబ్బందులు, డైరీ లెక్కలు మాత్రం ఈ చికిత్సలో రోజూ కనిపించే రకమే.

ఒంగోలులో ఒక హైస్కూలు టీచరు, వయసు 48. మూడేళ్ల కిందట భర్తకు గుండె ఆపరేషన్ జరిగినప్పుడు నిద్ర చెడింది. ఆయన కోలుకుని ఉద్యోగానికి వెళ్తున్నారు, ఈమెకు మాత్రం నిద్ర తిరిగి రాలేదు. రాత్రి 9:30కే మంచం ఎక్కుతుంది, 6:30కు దిగుతుంది. తొమ్మిది గంటల్లో సగం దొర్లడమే. క్లినికల్ సైకాలజిస్టు మొదటి రోజు ఆమెకు మందూ ఇవ్వలేదు, సలహా కూడా ఇవ్వలేదు. ఒక కాగితం చేతికిచ్చి వారం తర్వాత రమ్మంది.

ఆ కాగితమే స్లీప్ డైరీ. ఎన్నింటికి మంచం ఎక్కారు, ఎన్నింటికి నిద్రకు ప్రయత్నించారు, పట్టడానికి సుమారు ఎంతసేపయింది, మధ్యలో ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, మొత్తం ఎంతసేపు మేలుకున్నారు, ఆఖరిసారి ఎప్పుడు మెలకువ వచ్చింది, ఎప్పుడు మంచం దిగారు. దాంతోపాటు పగటి కునుకు, కాఫీ, మాత్రలు, ఆ రోజు ఒంట్లో ఎలా ఉందన్నదీ. పొద్దున లేచిన గంటలోపే నింపాలి. రాత్రి గడియారం చూసి రాయకూడదు. నిమిషాలు అంచనాగా రాస్తే చాలు. రెండింటికోసారి, రెండున్నరకోసారి ఫోన్ వెలిగించి టైం చూసుకునే అలవాటే చాలామందికి మెలకువను పెంచుతుంది.

టీచరు డైరీలో సోమవారం రాత్రి ఇలా ఉంది. 9:30కు మంచం, 10:45కు నిద్ర. 2 గంటలకు మెలకువ, మళ్లీ కన్ను మూతపడేసరికి 3:45. 5:15కు చివరి మెలకువ, ఆ తర్వాత 6:30 దాకా కళ్లు మూసుకుని పడుకోవడం. నిద్ర కలిపితే 4 గంటల 45 నిమిషాలు. బుధవారం మూడున్నర గంటలే. ఆదివారం 6 గంటల 35 నిమిషాలు. ఏడు రాత్రులు కూడి ఏడుతో భాగిస్తే సగటున 5 గంటల 20 నిమిషాలు తేలింది.

ఈ అంకె చూసి ఆమె ఒప్పుకోలేదు. "అంత ఎక్కడండీ మేడమ్? నేను రాత్రికి రెండు మూడు గంటలకు మించి నిద్రపోను" అంది. నిద్రలేమి ఉన్నవాళ్లకు బుధవారం లాంటి రాత్రులే గుర్తుంటాయి, అందుకే అంచనా ఎప్పుడూ కిందికి జారుతుంది. డైరీ చేసే మొదటి మేలు ఇదే. ఏ రాత్రి ఎంతన్నది పక్కపక్కనే కనిపిస్తుంది. బుధవారం తర్వాతి రోజు ఆమె ఐదు పీరియడ్లు చెప్పింది, ఆ రోజు గడిలో ‘పర్వాలేదు’ అని రాసుకుంది. బాగా నిద్రపోయిన ఆదివారం మర్నాడు తలనొప్పి. నిద్ర సరిగా లేకపోతే రేపటి రోజు మొత్తం పాడవుతుందన్న భయాన్ని మాటలతో పోగొట్టడం కష్టం. ఆమె చేతిరాతలోనే ఉన్న ఈ రెండు గడులను చూపించడం తేలిక. సీబీటీ-ఐలో ఆలోచనల భాగం చాలావరకు ఇలా డైరీ మీదే నడుస్తుంది.

డైరీ నుంచి రావాల్సిన రెండో అంకె స్లీప్ ఎఫిషియెన్సీ. మంచం మీద గడిపిన సమయంలో నిజంగా నిద్రపోయింది నూటికి ఎంత అన్నదే అది. టీచరు 540 నిమిషాలు మంచం మీద ఉంది, 320 నిమిషాలు నిద్రపోయింది. అంటే 59 శాతం. ఇది 85 దాటితే నిద్ర బాగున్నట్టే లెక్క.

ఇక్కడి నుంచి కోత మొదలవుతుంది. స్పీల్‌మన్, ఆయన సహచరులు 1987లో ప్రచురించిన స్లీప్ రిస్ట్రిక్షన్ పద్ధతి ఇదే. మనిషి సగటున ఎంత నిద్రపోతున్నాడో మంచం మీద అంతే సమయం ఇవ్వాలి. టీచరుకు 5 గంటల 20 నిమిషాలను అయిదున్నరకు సవరించారు. ముందు లేచే సమయం ఖాయం చేస్తారు, ఎందుకంటే శరీరంలోని గడియారానికి లంగరు అదే. ఇంట్లో క్యారియర్లు కట్టాలి కాబట్టి ఆమె 5:30 ఎంచుకుంది. అక్కడి నుంచి వెనక్కి లెక్కేస్తే మంచం ఎక్కాల్సింది రాత్రి 12 గంటలకు. ఆదివారమైనా, పండగైనా, రాత్రంతా కన్ను మూతపడకపోయినా 5:30కు లేవాల్సిందే.

పేరు వింటే నిద్రను తగ్గిస్తున్నట్టుంటుంది గానీ నిజానికి తగ్గించేది మంచం మీద మెలకువను. మెలకువగా ఉన్న ప్రతి గంటా మెదడులో నిద్ర ఒత్తిడి పెరుగుతూ పోతుంది, నిద్రపోతే అది దిగుతుంది. అలెగ్జాండర్ బోర్బెలీ అనే స్విస్ శాస్త్రవేత్త 1982లో ఈ ఒత్తిడి, శరీర గడియారం కలిసి నిద్రను ఎలా నడిపిస్తాయో వివరించాడు. తొమ్మిదింటికే పడుకునే మనిషిలో ఆ ఒత్తిడి ఇంకా సరిపడా పేరుకోదు. పన్నెండింటి దాకా కూర్చోబెడితే పేరుకుంటుంది, అప్పుడు నిద్ర త్వరగా పడుతుంది, మధ్యలో తెగదు. పగటి కునుకు వద్దనడం కూడా ఇందుకే. భోజనానికి ముందు పకోడీలు తిన్నవాడికి ఆకలి చచ్చిపోయినట్టు, సాయంత్రం అరగంట కునుకుతో రాత్రి నిద్ర చచ్చిపోతుంది.

ఎవరికైనా 5 గంటల కన్నా తక్కువ ఇవ్వకూడదన్నది ఇప్పుడు చాలామంది పాటించే హద్దు. మూడు గంటలే నిద్రపోతున్నానని డైరీ చెప్పినా మంచం మీద 5 గంటలు ఉండవచ్చు.

రెండో పనిముట్టు స్టిమ్యులస్ కంట్రోల్. దీన్ని రిచర్డ్ బూట్‌జిన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1972లో ప్రతిపాదించాడు. సోఫాలో టీవీ చూస్తూ తూలిపోయిన మనిషి మంచం మీదికి రాగానే కళ్లు విప్పుకుని కూర్చోవడం నిద్రలేమి ఉన్న ప్రతి ఇంట్లోనూ చూసేదే. నెలల తరబడి మంచం మీద దొర్లి, లెక్కలేసుకుని, భయపడి ఉండడంతో మంచమే మెలకువకు గుర్తుగా మారిపోతుంది. ఆ ముడిని విప్పడానికి బూట్‌జిన్ కొన్ని నియమాలు పెట్టాడు. నిద్ర ముంచుకొస్తేనే మంచం ఎక్కాలి. మంచాన్ని నిద్రకు, దాంపత్యానికి తప్ప దేనికీ వాడకూడదు. సుమారు 15, 20 నిమిషాల్లో నిద్ర పట్టకపోతే లేచి మరో చోటికి వెళ్లాలి, మళ్లీ నిద్ర ముంచుకొచ్చినప్పుడే తిరిగి రావాలి. రాత్రికి ఎన్నిసార్లయినా సరే. పొద్దున లేచే సమయం మారకూడదు, పగలు కునుకు తియ్యకూడదు.

ఇందులో చాలామంది తడబడేది మొదటి నియమం దగ్గరే. ఒళ్లు అలిసిపోవడాన్ని నిద్ర రావడం అనుకుంటారు. ఆరు పీరియడ్లు నిలబడి, ఇంటికొచ్చి వంట చేసిన టీచరు తొమ్మిదింటికి అలిసిపోతుంది, మంచం ఎక్కుతుంది, కళ్లు మాత్రం తేటగా ఉంటాయి. అసలు గుర్తులు వేరు. రెప్పలు బరువెక్కుతాయి, తల ఊగుతుంది, చదివిన వాక్యాన్నే మళ్లీ చదువుతుంటారు. పన్నెండయినా ఈ గుర్తులు లేకపోతే ఇంకా ఆగాలి.

లేచి మరో చోటికి వెళ్లాలన్న నియమం అమెరికాలో మూడు గదుల ఇంటిని చూసి రాసినట్టే ఉంటుంది. టీచరు ఇంట్లో హాల్లో అత్తగారు పడుకుంటారు, రెండో గదిలో ఇంటర్ చదివే అబ్బాయి. రాత్రి రెండింటికి లైటు వేస్తే ఇల్లంతా లేస్తుంది. సైకాలజిస్టు ఆమెతో కూర్చుని, ఇంటి పటం గీయించి, వంటింట్లో కిటికీ పక్కన ఒక కుర్చీ వేయించింది. చిన్న బల్బు, పక్కన దోమల బత్తి, చేతికి ఒక పాత వారపత్రిక. ఫోన్ పడగ్గదిలోనే, అలారం కోసం, చెయ్యి అందని దూరంలో. ఇలాంటి ఏర్పాటు పగలే చేసి పెట్టుకోవాలి. రాత్రి రెండింటికి నిద్రలేని మనిషి కొత్త ఏర్పాట్లేవీ చేసుకోదు, మంచం మీదే ఉండిపోతుంది. వేరే గది లేనివాళ్లు మంచం దిగి అదే గదిలో కుర్చీలో కూర్చున్నా సరిపోతుంది.

"పన్నెండు దాకా ఏం చెయ్యమంటారు?" అన్నది ఆమె మొదటి ప్రశ్న. కూరగాయలు తరిగి పెట్టుకోవడం, బట్టలు మడతలు వెయ్యడం, పాత సినిమా చూడడం లాంటివి అనుకున్నారు. పదకొండు దాటాక కూర్చుని చేసే పని వద్దు, కూర్చుంటే తూలు వస్తుంది.

మొదటి వారం కష్టంగానే గడిచింది. ఈ సంగతి ముందే చెప్పని వైద్యుడు రోగిని పోగొట్టుకుంటాడు. మొదటి ఒకటి రెండు వారాల్లో పగటి మగత పెరుగుతుంది, చురుకుదనం తగ్గుతుంది, చిరాకు వస్తుంది. స్కూలుకు స్కూటీ మీద వెళ్లే ఆమెను ఆ రెండు వారాలూ ఆటోలో వెళ్లమన్నారు. ఇది మాటవరసకు చెప్పే జాగ్రత్త కాదు. లారీ, బస్సు నడిపేవాళ్లకు, యంత్రాల దగ్గర పనిచేసేవాళ్లకు, ఎత్తు మీద పనిచేసేవాళ్లకు ఈ కోత మామూలుగా పెట్టరు. బైపోలార్ డిజార్డర్ ఉన్నవాళ్లలో నిద్ర తగ్గితే మేనియా తిరగబెట్టవచ్చు. మూర్ఛ ఉన్నవాళ్లలో ఫిట్స్ రావచ్చు. నిద్రలో నడిచే అలవాటు ఉన్నవాళ్లకు అది ఎక్కువ కావచ్చు. పడిపోయే ప్రమాదమున్న పెద్దవాళ్లకు ఒకేసారి కొయ్యకుండా వారానికి కొంత చొప్పున మెల్లగా తగ్గిస్తారు. నిద్రమాత్రలు వేసుకుంటున్నవాళ్లు డైరీ మొదలుపెట్టాం కదా అని ఆల్ప్రజోలాం లాంటివి ఒక్కసారిగా ఆపేయకూడదు. డాక్టరే మోతాదు మెల్లగా దించాలి.

వారం తర్వాత డైరీ తీసి చూస్తే సగటు నిద్ర 4 గంటల 30 నిమిషాలు, ఎఫిషియెన్సీ 82. శాతం పెరిగింది గానీ అనుకున్నంత కాదు. సైకాలజిస్టు చూపు కునుకు గడి మీద పడింది. మంగళ, గురు, శుక్రవారాల్లో రాత్రి 9:30 ప్రాంతంలో ‘సోఫాలో కాసేపు’ అని ఉంది. ఎంతసేపని అడిగితే "సీరియల్ అయిపోయాక చూస్తే నలభై నిమిషాలు పోయిందండీ" అంది. చికిత్స పని చెయ్యడం లేదని వచ్చేవాళ్లలో చాలామంది డైరీలో దొరికేది ఈ నలభై నిమిషాలే. సగటు మీద కన్నా వరసల మీద దృష్టి పెట్టాలనేది ఇందుకే. ఏడు రోజులూ అచ్చంగా ఒకే అంకెలుంటే వారమంతా ఒకేసారి కూర్చుని నింపినట్టు అనుమానించాలి. శని, ఆదివారాల్లో లేచే సమయం రెండు గంటలు జరిగితే సోమవారం రాత్రి నిద్ర పట్టకపోవడానికి కారణం అక్కడే ఉంది.

సవరణ సూత్రం క్లినిక్‌ను బట్టి కొంచెం మారుతుంది. టీచరుకు పెట్టింది ఇది. వారపు ఎఫిషియెన్సీ 85 దాటితే మంచం సమయానికి 15 నిమిషాలు కలపాలి, 80కి 85కి మధ్య ఉంటే అలాగే ఉంచాలి, 80 కన్నా తగ్గితే 15 నిమిషాలు కొయ్యాలి. స్పీల్‌మన్ మొదట పెట్టిన హద్దు ఇంకా గట్టిది, 90 దాటితే తప్ప కలపలేదు. 82 వచ్చింది కాబట్టి టీచరుకు రెండో వారమూ 12 గంటలే. మారింది ఒక్కటే, సీరియల్ టైంలో సోఫా మీద కాకుండా వంటింటి కుర్చీలో కూర్చుంది. ఆ వారం 4 గంటల 55 నిమిషాలు, 89 శాతం. మూడో వారం పడుకునే సమయం 11:45కు వచ్చింది, మళ్లీ 90కి దగ్గరగా తేలి నాలుగో వారం 11:30 అయింది. ఆ వారమూ 87 దాటడంతో అయిదో వారం 11:15 చేశారు, అప్పుడు 83కి పడిపోయింది. అక్కడ ఆపి ఒక వారం అలాగే ఉంచితే మళ్లీ 90 దాటింది. చివరికి రాత్రి 11 నుంచి 5:30 దాకా, ఆరున్నర గంటల దగ్గర ఆమె నిలదొక్కుకుంది. నిద్ర 5 గంటల 50 నిమిషాలు.

ఈ చివరి అంకెను జాగ్రత్తగా చూడాలి. మొదట్లో 5 గంటల 20 నిమిషాలు, రెండు నెలల తర్వాత 5 గంటల 50 నిమిషాలు. పెరిగింది అరగంటే. ఎనిమిది గంటల నిద్ర వస్తుందని మొదలుపెట్టినవాళ్లు దీన్ని చూసి నిరాశపడతారు. మారింది మరొకటి. మూడు గంటల నలభై నిమిషాల మెలకువ నలభై నిమిషాలకు దిగింది, బుధవారం లాంటి రాత్రులు పోయాయి. సీబీటీ-ఐ మీద జరిగిన పరిశోధనల్లోనూ ఇదే కనిపిస్తుంది. నిద్ర పట్టడానికి పట్టే సమయం, మధ్యలో మెలకువ బాగా తగ్గుతాయి, మొత్తం నిద్ర మాత్రం కొద్దిగానే పెరుగుతుంది. ఆ తర్వాతి నెలల్లో అది ఇంకొంత పెరగవచ్చు.

కాఫీ మానెయ్యడం, గది చీకటిగా ఉంచుకోవడం లాంటి మంచి అలవాట్లు చాలవా అన్న అనుమానం చాలామందికి వస్తుంది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లండ్‌లో 642 మందితో ఈ పోలిక చేసి, 2023లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. అందరికీ నిద్ర అలవాట్ల పుస్తకం ఇచ్చారు. సగం మందికి అదనంగా స్థానిక క్లినిక్కుల్లోని నర్సులు నాలుగు వారాలు స్లీప్ రిస్ట్రిక్షన్ చేయించారు. ఆరు నెలల తర్వాత నర్సులు చూసినవాళ్లలో నిద్రలేమి బాగా తగ్గింది, పుస్తకం మాత్రమే తీసుకున్నవాళ్లలో అంత తగ్గలేదు. మన వైపు నిద్ర చికిత్స తెలిసిన సైకాలజిస్టులు పెద్ద ఊళ్లలోనే దొరుకుతారు కాబట్టి, శిక్షణ పొందిన నర్సు చాలునన్న ఈ ఫలితం మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైపు గట్టిగా చూడమంటోంది.

డైరీ కొందరిని ఈ చికిత్సకు పనికిరారని కూడా చెబుతుంది. ఎఫిషియెన్సీ 92 ఉండి, ఏడు గంటలు నిద్రపోయి, పగలు బస్సులో కూర్చోగానే నిద్రలోకి జారుకునే మనిషికి కొయ్యడానికి ఏమీ లేదు. గురక, నిద్రలో ఊపిరి ఆగడం ఉన్నాయేమో ఇంట్లోవాళ్లను అడిగి, స్లీప్ అప్నియా పరీక్షకు పంపాలి. సెలవుల్లో తెల్లవారుజామున మూడింటి నుంచి పదింటి దాకా హాయిగా నిద్రపోయి, కాలేజీ రోజుల్లో మాత్రమే నిద్ర పట్టదనే కుర్రాడి సమస్య నిద్రలేమి కాదు, శరీర గడియారం వెనక్కి జరగడం. అతనికి పొద్దుటి వెలుతురుతో గడియారాన్ని ముందుకు జరిపే పద్ధతి వేరే ఉంది. హైదరాబాద్‌లో అమెరికా షిఫ్టు చేసే ఉద్యోగికి లేచే సమయమే వారానికోసారి మారుతుంటే ఈ లెక్క నిలవదు, నిపుణుల దగ్గర వేరే ఏర్పాటు చేసుకోవాలి. పడుకోగానే కాళ్లలో గుంజుడు మొదలై, కదిపితే తప్ప ఆగనివాళ్లకు ముందు రక్తంలో ఐరన్ నిల్వ ఎంతుందో చూడాలి.

చికిత్స అయిపోయాక కూడా చెడ్డ రాత్రులు వస్తాయి. టీచరుకు మార్చిలో పబ్లిక్ పరీక్షల డ్యూటీ పడినప్పుడు వరసగా నాలుగు రాత్రులు నిద్ర చెడింది. అయిదో రోజు పాత అలవాటు కొద్దీ 9:30కే మంచం వైపు చూసింది. ఆఖరి సెషన్‌లో సైకాలజిస్టు రాసిచ్చిన కాగితం అప్పుడు తీసింది. ఒకటి రెండు చెడ్డ రాత్రులకు ఏమీ చెయ్యనక్కర లేదు, 5:30కు లేవడం మాత్రం తప్పించకూడదు. వారం దాటినా సర్దుకోకపోతే డైరీ మళ్లీ మొదలుపెట్టాలి. ఏడు రోజుల సగటు 80 కన్నా తక్కువ వస్తే పడుకునే సమయాన్ని 11:30కు, అవసరమైతే 12కు జరిపి, పాత సూత్రం ప్రకారమే 15 నిమిషాల చొప్పున వెనక్కి రావాలి. ఆమె డైరీ తీసి, ఆ వారపు మొదటి గడి నింపింది.